ఏ వరసలో చెప్పను

నంద్యాల మిషన్ బళ్లో మాస్టరుగా చేసి దిగిపోయిన పౌలు ఆ ఉదయం వేపపుల్ల నములుతూనే తన మాటలు వల్లె వేసుకుంటున్నాడు. సాయంత్రం కాలనీలో దీపం పెడతారు. దాంతో క్రిస్మస్ అలంకరణల వారం మొదలు. ముందుమాట కాలనీ పెద్దగా ఆయనే చెప్పాలి.

పౌలు మాస్టరు ముందుమాటంటే కాలనీకి గర్వం, కొంచెం భయం కూడా. ఆయనలా ఇంకెవరూ చెప్పలేరు, నిజమే. కానీ ఆయన మొదలుపెడితే ఇంటి దగ్గర పొయ్యి మీది అన్నం అడుగంటాల్సిందే. అయినా దానికో వరస ఉంది. ముందు వచ్చినవాళ్లకు స్వాగతం. ఆముదం ఇచ్చిన శెట్టికి, వెదుళ్లు కొట్టుకోమన్న రెడ్డికి దండం. తర్వాత ఆ మధ్య పోయినవాళ్ల పేర్లు. అప్పుడందరూ లేచి మౌనంగా నిలబడతారు. వాళ్లు కూర్చున్నాక దూరాన ఉన్నవాళ్ల పేర్లు. ఒక్కో పేరు చెప్పి ఆయన ఆగితే, ఆ ఇంటివాళ్లు "ఆ దీపం మాది" అంటారు. ఆ మనిషి పేరున ఒక ప్రమిద తీసి పెడతారు; పెద్ద దీపం వెలిగాక దాన్నుంచే అంటిస్తారు. చివర్లో జాగ్రత్తలు చెప్పి, పెద్ద దీపం ముట్టించే మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు. సాధారణంగా కాలనీలో అందరికంటే పెద్ద వయసు ఆడమనిషిని.

ఊళ్లో అందరి పిల్లల పేర్లూ పిలిచే ఆ నోరు, సొంత కొడుకు సుందరరాజు పేరు మాత్రం పలకదు. కర్నూలు రాజధాని అయిన ఏడాది, టీచరు ట్రైనింగు వద్దన్నందుకు తండ్రితో గొడవపడి వాడు, కట్టుకున్నదాన్ని కూడా వదిలి ఇల్లు విడిచిపోయాడు. డోన్‌లో లారీల మీద తిరుగుతున్నాడని కొన్నాళ్లు కబురుండేది. తర్వాత అదీ లేదు. ప్రతి ఏడూ దీపం దగ్గర తల్లి జీవమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. ఆ పేరు వస్తే బదులు పలకాలని గొంతు సవరించుకుంటుంది. పేరు రాదు. ముసలాయనకు ఇంకా కోపం తగ్గలేదని కాలనీ అంతా అనుకుంటుంది. జీవమ్మ కూడా అదే అనుకుంటుంది.

పొద్దున్నే మొదటి బస్సుకు ఆళ్లగడ్డ నుంచి దానియేలు దిగాడు. సుందరరాజు భార్య ప్రసన్నకుమారికి అన్న. ఆమె అరుగు మీద వెదురు బద్దలకు ఎర్ర కాగితం అంటించి నక్షత్రం చేస్తోంది.

"ఆళ్లగడ్డ బళ్లో చిన్న తరగతులకు టీచరమ్మ కావాలంట. నీ గురించి చెప్పినా," అన్నాడు దానియేలు. "ఇంకా ఎవరి కోసం ఈడ కూచుంటావు? సొంత నాయనే కొడుకును దూరానుండే వాళ్లలో లెక్కెయ్యలేదు. నువ్వెందుకు లెక్కేస్తాండావు?"

ప్రసన్న నక్షత్రం పక్కన పెట్టింది. బంక చేతులు కొంగుకు తుడుచుకుని, నేరుగా మామ ముందుకు వెళ్లి నిలబడింది.

"మామా, ఒక్క మాట అడుగుతా. ఈ పొద్దు ఆయన పేరు చెప్తావా, చెప్పవా?"

పౌలు వేపపుల్ల పారేశాడు. "ఇప్పుడా మాటెందుకమ్మా?"

"దూరానుండాడని చెప్పు. పండగలకు ఎదురుచూసుకుంటా ఈడనే ఉంటా. లేదా పోయినాడని చెప్పు. ఏడ్సుకోని అన్నతో పోతా. నువ్వు ఏదీ చెప్పకపోతే నేను ఏందని బతకాలి? పదిమంది ముందర ఎదురుచూసేదానికి లేదు, ఏడ్సేదానికీ లేదు."

"అది అడిగిందాంట్లో తప్పేముంది?" వంటింట్లోంచి వచ్చింది జీవమ్మ. "కన్న కొడుకు మీద ఇంత పంతమా? నేను పోయినాకైనా వాని పేరు నోటికొస్తాదా నీకు?"

"మొదట్లో పంతమే. ఇప్పుడు పంతం కాదే," అన్నాడు పౌలు.

"మరేందయ్యా?"

ఆయన గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. అక్కణ్ణుంచే అన్నాడు:

"పోయినేడు మిషన్ మీటింగని డోన్‌కు పోయింటి గదా. అది మీటింగు కాదు. వాణ్ణి ఎతుక్కుంటా పోయినా. లారీలు ఆగేచోట ఒక కాఫీ హోటలాయన చెప్పినాడు. కలరా వచ్చినప్పుడు నంద్యాల పక్క మనిషి ఒకడు పోయినాడంట. పొడుగుమనిషి, ఎడం చేత్తో తినేటోడంట. పేరు తెల్దు. వాళ్లే పూడ్చిపెట్టినారు. ఆ చోటు కూడా ఎవరికీ గుర్తులేదు."

జీవమ్మ గుమ్మం పట్టుకుంది. సుందరరాజుది ఎడమచేతి వాటం.

"అది వాడే అని ఎట్లా అంటా? కాదని ఎట్లా అంటా?" పౌలు జీవమ్మ వైపు తిరిగాడు. "పోయినోళ్లలో చెప్తే, రేపు వాడొచ్చి గుమ్మంలో నిలబడితే? దూరానుండాడని చెప్తే నువ్వు బదులు పలుకుతావు. పోయినోనికి నీ చేత దీపం పెట్టించి నీకు అబద్ధం చెప్పినట్టు కాదా? ఏ వరసలో చెప్పను నేను?"

జీవమ్మ వచ్చి ఆయన పక్కన నేల మీద కూలబడింది. కొంతసేపు ఇద్దరూ ఏడ్చారు. ఈ ఏడాదంతా కోపమనుకుని ఆ మనిషిని ఎన్ని మాటలు అన్నదో ఆమెకు గుర్తొచ్చింది.

"ఇంత పెట్టుకోని ఒక్కనివే మోస్తాంటివా?" అంది. "నీకు తెలిసిందే చెప్పు. తెలీంది తెలీదని చెప్పు. అట్లా చెప్పకూడదని ఎవరన్నారు?"

సాయంత్రానికి కాలనీ అంతా మైదానంలో చేరింది. ముందు వరసలో శెట్టీ, రెడ్డీ కూర్చున్నారు. ముక్కాలిపీట మీద ఇత్తడి దీపం, దాని చుట్టూ ఇసుకలో ప్రమిదలు, పక్కనే నీళ్ల కుండలు. పౌలు స్వాగతం చెప్పాడు, దండాలు పెట్టాడు. ఆ రోజు ఆయన మాటలు పొట్టిగా ఉండడం అందరూ గమనించారు. పోయినవాళ్ల పేర్లు చెప్పాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఇక కూర్చోమని చేత్తో చూపించాలి. ఆయన చెయ్యి లేవలేదు.

"ఇంకొక పేరుంది," అన్నాడు. "అది పోయినోళ్లలో చెప్పాల్నో, దూరానుండేవాళ్లలో చెప్పాల్నో నాకు తెల్దు. తెలుసుకుందామని పోయినా, తెలీలేదు. అందుకని రెండిటికీ మధ్యలో చెప్తాండా. సుందరరాజు. నా కొడుకు."

జనం ఎవరూ కూర్చోలేదు. పోయినవాడికి నిలబడినట్టే నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో జీవమ్మ గొంతు, దూరాన ఉన్నవాడికి పలికినట్టే పలికింది.

"ఆ దీపం మాది."

పౌలు ఆమె వైపే చూస్తూ నిలబడిపోయాడు. ముందుమాట మధ్యలో ఆయన ఆగిపోవడం కాలనీ ఎప్పుడూ చూడలేదు. జీవమ్మ వెళ్లి ఆయన భుజం మీద చెయ్యేసింది.

"కూచోమని చెప్పయ్యా. పిల్లోళ్లు నిలబడలేకపోతాండారు."

ఆయన కళ్లు తుడుచుకుని చెయ్యెత్తాడు. అందరూ కూర్చున్నారు. దూరాన ఉన్నవాళ్ల పేర్లు పిలిచాడు. తర్వాత జాగ్రత్తలు కూడా మర్చిపోకుండా చెప్పాడు. నక్షత్రంలో ప్రమిద కింద ఇసుక పోయండి, పైన పొగ పోయే సందు పెట్టండి, కొట్టం చూరుకు కట్టొద్దు, దూరంగా గుంజ పాతి కట్టండి. నక్షత్రాలు రేపు బావి వీధిలో కట్టాలి, ఎల్లుండి గుడి వీధిలో.

చివరికి దీపం ముట్టించే మనిషిని పిలవాలి. అందరూ కాలనీలోకెల్లా పెద్దావిడ దేవమ్మ వైపు చూశారు.

"ప్రసన్నకుమారీ, రామ్మా," అన్నాడు పౌలు.

వెనక వరసలో అన్న పక్కన కూర్చున్న ప్రసన్న ఉలిక్కిపడింది. దానియేలు మెల్లగా, "పోమ్మా. బడి యాడికీ పోదు, పండగైనాక పోదాం," అన్నాడు. దేవమ్మే లేచి చెయ్యి పట్టుకుని నడిపించింది.

ప్రసన్న పెద్ద దీపం ముట్టించింది. దాన్నుంచి మరో వత్తి అందుకుని సుందరరాజు పేరున పెట్టిన ప్రమిద వెలిగించింది. వాడు వస్తాడో రాడో ఆ వెలుగు చెప్పలేదు. ఆమె అక్కడే ఇసుకలో కూర్చుని, మొహానికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది. తన మొగుడి కోసం పదిమందిలో ఏడవడం ఆమెకు అదే మొదటిసారి.