పదకొండు లైకుల పోస్టర్

తప్పు చేసిన మనిషిలో భయం ముందు పుడుతుందా, అబద్ధం ముందు పుడుతుందా? చాలా ఏళ్ళుగా ఈ సందేహం నన్ను వదలడం లేదు. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుంటుంటే మధ్యలో వచ్చి కూర్చుంటుంది. పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసే మా బావమరిదిని అడిగితే నవ్వేస్తాడు. "నాకు తెలిసింది టైమొక్కటే బావా. ఏది ముందో ఏది వెనకో అదే చెబుతుంది" అంటాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని ముద్దుపేరు గడియారం. ఈ కేసు అతనిదే.

ఆదివారం. సాయంత్రం 4:20.

పిల్లల డాన్స్ స్కూల్ వార్షిక ప్రదర్శన. గేట్లు 4:30కి. షో 5:00కి.

గడియారం యూనిఫామ్‌లో లేడు. మేనకోడలి డాన్స్ చూద్దామని వచ్చాడు. మేనకోడలంటే మా అమ్మాయి. ఆరేళ్ళది. ఇంట్లో చిటికె అంటాం. గ్రీన్‌రూమ్ గుమ్మంలోనే ఎదురైంది. ముఖం నిండా రంగులు. ఒంటిమీద మాత్రం ఇంటి గౌను.

"మావయ్యా, మా రెక్కలు పోయాయి!"

"ఎగిరిపోయాయా?"

"అబ్బా, కాదు. లోపలే ఉన్నాయి. తాళంచెవి పోయింది."

చిటికె వెనక ఇరవై ముగ్గురు పిల్లలు బెంచీల మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నారు. అందరూ సీతాకోకచిలుకలే. ఒక్కరికీ రెక్కల్లేవు.

డాన్స్ టీచర్ పరుగున వచ్చింది. యాభై దాటిన మనిషి. మెడలో విజిల్, చేతిలో కార్యక్రమాల కాగితం.

"మీరు పోలీసట కదండీ. దేవుడే పంపాడు."

"ముందు టైములు చెప్పండి."

"కాస్ట్యూమ్స్ అన్నీ లెక్కపెట్టి పన్నెండింటికి ఆ గదిలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి ఈ మేకుకే ఉంది. మూడున్నరకి నేనే తీసి, హెయిర్ బ్యాండ్లు తెచ్చి, మళ్ళీ తగిలించాను. నాలుగూ పదికి చూస్తే లేదు."

నలభై నిమిషాలు.

గడియారం తలుపు చూశాడు. స్టీలు తలుపు. బలమైన తాళం.

"పగలగొట్టడానికి వీల్లేదు సార్" అన్నాడు హాల్ మేనేజర్. "రెండో తాళంచెవి మా ఇంట్లో ఉంది. నాలుగుంబావుకే మనిషిని పంపాను. పోయి రావడానికి గంటన్నర."

"ఆ సంగతి ఎంతమందికి తెలుసు?"

"పొద్దున అందరికీ చెప్పాను. పారేసుకుంటే గంటన్నర ఆగాల్సిందే అని మరీ చెప్పాను."

అంటే 5:45. పిల్లలకు వేషాలు వేసేసరికి ఆరు.

"ఆరింటికి మొదలుపెడితే?"

టీచర్ చేతిలో కాగితం చూసుకుంది. "రెండున్నర గంటల ప్రోగ్రామ్. ఎనిమిదింటికి హాలు ఖాళీ చేయాలి. చివరి మూడు ఐటమ్స్ ఎగిరిపోతాయి. పెద్దపిల్లలు ఏడాదంతా ప్రాక్టీస్ చేశారు."

"గ్రీన్‌రూమ్‌లోకి ఎవరెవరు వచ్చారు?"

"నేనూ, మేనేజర్ గారూ, మా ఆఫీసు అమ్మాయీ. ఇంకొకావిడ." టీచర్ గొంతు తగ్గించింది. "కూతుర్ని ముందు వరస నుంచి వెనక్కి మార్చానని నెల రోజులుగా నామీద నిప్పులు చెరుగుతోంది. ఆవిడే తీసుంటుంది. కంప్లైంట్ రాసిస్తాను, తీసుకెళ్ళండి."

ఆవిడకు మాటలు వినబడనే వినబడ్డాయి. మిగతా తల్లులు ఆమెను లౌడ్‌స్పీకర్ అంటారు.

"ఏంటండీ, నేను దొంగనా? పిన్నీసు కోసం వచ్చాను! పిన్నీసు! కావాలంటే చూడండి, మా పిల్ల జడకే ఉంది!"

"ఎన్నింటికి?"

"నేనేమన్నా వాచీ చూసుకుంటూ పిన్నీసు అడుగుతానా?"

"మీ పాప ఎన్నో ఐటమ్?"

"ఆఖరుది. నెమలి డాన్స్."

గడియారం తలూపి మేనేజర్ వైపు తిరిగాడు.

"ఆలస్యమైతే ఇంకో గంట అద్దె వస్తుందా మీకు?"

"ఎక్కడిది సార్? ఎనిమిదిన్నరకి వేరేవాళ్ళ బుకింగ్. నా పీకమీదే కూర్చుంటారు వాళ్ళు."

టీచర్ ఊరుకోలేకపోయింది. "టికెట్లన్నీ రెండే రోజుల్లో అమ్ముడయ్యాయండీ. మా పేజీలో పోస్టర్‌కి నాలుగు వందల లైకులు. ఇప్పుడు అంతమందికీ ఏం చెప్పను?"

4:48. గడియారం ముందు గేటుకు వెళ్ళాడు.

ఆఫీసు అమ్మాయి అక్కడే ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. టికెట్లు అమ్మేది, పోస్టర్లు చేసేది, పేజీ చూసేది, ఫోన్లెత్తేది అన్నీ ఆమే. ఒక చేత్తో టికెట్లలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తోంది. రెండో చేత్తో పిల్లల చేతి పట్టీల డబ్బా పట్టుకుంది. షో అయ్యాక ఎవరి పిల్లల్ని వాళ్ళకే అప్పగించడానికి, తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాసిన కాగితపు పట్టీలవి.

"ఎన్ని టికెట్లమ్మా?"

"మూడు వందల పది సార్."

"లోపలికి ఎంతమంది వచ్చారు?"

ఆమె స్క్రీన్ చూసింది. "నూట పద్దెనిమిది."

పన్నెండు నిమిషాల్లో షో. టికెట్లన్నీ అయిపోయిన షో. బయట క్యూ లేదు. హాల్లో ముందు వరసలన్నీ బోసిగా ఉన్నాయి.

గడియారానికి కుదురు పోయింది. తన తల్లి సీటు కూడా ఖాళీయే. ఆవిడ దేనికీ ఆలస్యంగా వచ్చే మనిషి కాదు. ఫోన్ చేశాడు.

"అమ్మా, ఎక్కడున్నావు? షో ఆరింటికి జరిగేలా ఉంది."

"జరిగేదేంట్రా? ఆరింటికేగా షో. చీర కట్టుకుంటున్నా, పెట్టెయ్."

"ఆరని ఎవరు చెప్పారు?"

"మీ అక్క పంపిన పోస్టర్‌లో ఉంది. నువ్వు కళ్ళజోడు మార్చుకో."

నిమిషంలో బొమ్మ వచ్చింది. నీలం రంగు మీద సీతాకోకచిలుక. ఆదివారం. హాలు పేరు. మూడేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. షో సాయంత్రం 6:00.

గడియారం స్కూల్ పేజీ తెరిచాడు. అదే సీతాకోకచిలుక. అదే నీలం. షో సాయంత్రం 5:00.

రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత పేజీలో పోస్ట్ చుట్టూ ఉన్న చిన్న అక్షరాలు చదివాడు. మళ్ళీ చదివాడు.

5:04. గ్రీన్‌రూమ్. టీచర్, మేనేజర్, లౌడ్‌స్పీకర్, ఆఫీసు అమ్మాయి. పిల్లల్ని పక్క గదిలోకి పంపించారు.

"ఆలస్యమైతే మేనేజర్ గారికి తిట్లే తప్ప లాభం లేదు" అన్నాడు గడియారం. "ఈవిడ పాపది ఆఖరి ఐటమ్. ఆలస్యమైతే పోయేది అదే. సొంత బిడ్డ డాన్స్‌ని ఏ తల్లీ పోగొట్టుకోదు."

"అలా చెప్పండి!" అంది లౌడ్‌స్పీకర్.

"మరి సరిగ్గా గంట ఆలస్యం ఎవరికి కావాలి? ఆరింటికి వచ్చేవాళ్ళకి కావాలి. టీచర్ గారూ, మీ పోస్టర్‌కి ఎన్ని లైకులన్నారు?"

"నాలుగు వందలు."

గడియారం ఫోన్ చూపించాడు. "ఇప్పుడు పేజీలో ఉన్నదానికి పదకొండు. పెట్టింది ఈరోజు 3:52కి. పైగా కింద 'త్వరపడండి, టికెట్ల కోసం ఈ లింకు నొక్కండి' అని ఉంది. టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. అమ్మడానికి టికెట్ లేనప్పుడు ఇంత హడావుడిగా పోస్టర్ ఎందుకు పెట్టినట్టు?"

టీచర్ ఫోన్ మీదకి వంగింది.

"పోస్ట్ కింద రాసిన మాటల్ని ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. బొమ్మలో ఉన్న అంకెను అక్కడ దిద్దలేం. మొత్తం తీసేసి కొత్తది పెట్టాలి. తీసేస్తే లైకులూ పోతాయి. పాత మాటల్నే అతికించడంతో లింకు కూడా వచ్చేసింది. అంతా చేసినా, పాత బొమ్మ అప్పటికే అమ్మమ్మల ఫోన్లకీ బాబాయిల ఫోన్లకీ వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి దాన్ని ఎవరు వెనక్కి తెస్తారు?"

"తల్లిదండ్రులు చూసుకోలేదా?" అన్నాడు మేనేజర్.

"వాళ్ళకి వేరే మెసేజ్. పిల్లల్ని మూడింటికి వెనక గేటు దగ్గర దింపమని. వాళ్ళు దాన్నే పట్టుకున్నారు. పోస్టర్‌ని చుట్టాలకు పంపించేశారు. టికెట్ మీద సీటు నంబరూ, కోడూ తప్ప టైము లేదు."

ఆఫీసు అమ్మాయి చేతి పట్టీల డబ్బాను బల్లమీద పెట్టింది. పట్టీల చుట్ట తీసింది. అడుగున ఎర్ర రిబ్బన్ కట్టిన తాళంచెవి.

"కిందటేడు పోస్టర్‌నే వాడాను" అంది నేల చూస్తూ. "బొమ్మ మార్చాను, తేదీ మార్చాను. పోయినేడు షో ఆరింటికి. ఆ ఒక్కటీ మార్చలేదు. కింద మాటల్లో మాత్రం ఐదని సరిగ్గానే రాశాను. మూడూ నలభైకి ఒక తాతగారు ఫోన్ చేసి, ఆరింటికేగా అమ్మా అన్నారు. అప్పుడు చూశాను."

"టికెట్ కొన్నవాళ్ళ నంబర్లన్నీ నీ లిస్టులో ఉన్నాయి. ఒక్క మెసేజ్ పంపితే అయిపోయేదిగా?"

"పంపితే తప్పు నాదని తెలిసిపోతుంది కదండీ. ఇంకొక్క పొరపాటు చేస్తే ఉద్యోగం ఉండదని మేడమ్ పోయిన నెలే చెప్పారు."

"చెప్పాను" అంది టీచర్ కోపంగా. "తాళంచెవి దాచమని చెప్పానా?"

"చిన్నపిల్లలదే మొదటి ఐటమ్ మేడమ్. పెద్దపిల్లలైతే ఐదింటికని ఇంట్లో వాళ్ళే చెప్పుకోగలరు. వీళ్ళవాళ్ళంతా ఆరింటికే వస్తారు. ఖాళీ కుర్చీల ముందు డాన్స్ చేసి దిగిపోతారు." ఆమె టీచర్ వైపు తలెత్తింది. "నన్ను మీరు మర్చిపోయారు. ఆరేళ్ళప్పుడు నేనూ మీ దగ్గరే నేర్చుకున్నాను. పిచ్చుకల డాన్స్. టైము చాల్లేదని ఆపేశారు. నాన్న పని మానుకుని వచ్చి కూర్చున్నాడు. లైట్లు తీసేదాకా కూర్చునే ఉన్నాడు."

టీచర్ ముఖంలో కోపం ఆగిపోయింది.

"బూడిదరంగు గౌను" అంది మెల్లగా. "ఏడుస్తూ మెట్ల మీద కూర్చున్నావు. వచ్చే ఏడు మొదటి ఐటమ్ నీదే అన్నాను."

"మర్నాడే ఊరు మారిపోయాం."

"మరి నువ్వు చేసిన పనితో ఈరోజు ఆఖరి మూడు ఐటమ్స్ పోయేవి" అన్నాడు గడియారం. "వాళ్ళ నాన్నలూ కూర్చునే ఉండేవారు."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఆలోచనే ఆమెకు రానట్టుంది.

టీచర్ కార్యక్రమాల కాగితం మీద రెండు అడ్డగీతలు గీసింది. విజిల్ ఊదింది.

"పెద్దపిల్లలు ముందు! పది నిమిషాల్లో రెడీ కావాలి! చిన్నవాళ్ళది ఆరుంబావుకి!" తర్వాత లౌడ్‌స్పీకర్ వైపు తిరిగింది. "అమ్మా, మిమ్మల్ని అనరాని మాటన్నాను. క్షమించండి."

"ముందు పిల్లలకి బట్టలు తొడగండి. తర్వాత తీరిగ్గా క్షమిస్తాను" అంది ఆవిడ, అప్పటికే చేతులు పైకి మడుచుకుంటూ.

"నువ్వు ఫోన్ తియ్యి" అంది టీచర్ ఆఫీసు అమ్మాయితో. "పోస్టర్‌లో టైము తప్పు పడింది, చిన్నపిల్లల డాన్స్ ఆరుంబావుకి అని అందరికీ పంపు. కింద నా పేరు పెట్టు. పోస్టర్ చూసి సరేనన్నది నేనే."

షో 5:17కి మొదలైంది.

6:15కి ముందు వరసలు నిండాయి. గడియారం పక్కన తల్లి కూర్చుంది. "చూశావా, ఆరింటికే" అంది.

ఆరేళ్ళ పిల్లలకు స్టెప్పులు గుర్తుండవు. తెర పక్కన, ఎవరికీ కనబడకుండా పెద్దవాళ్ళొకరు నిలబడి చేసి చూపిస్తుంటే వాళ్ళు చూసి చేస్తారు. ప్రతి ఏడూ టీచరే నిలబడేది.

ఈసారి ఆమె మైకు ముందుకు వచ్చింది.

"పదహారేళ్ళ కిందట ఒక పాపకి ఒక డాన్స్ బాకీ పడ్డాను" అంది. ఇంకేమీ చెప్పలేదు.

మిగిలిన ఒక జత రెక్కలు ఆఫీసు అమ్మాయి భుజాలకు సరిపోలేదు. టీచర్ వాటిని రిబ్బన్‌తో కట్టి, ఆ అమ్మాయి వీపు మీద చెయ్యేసి ముందుకు తోసింది. తెర పక్కకి కాదు. స్టేజీ మధ్యకి, వెలుతురులోకి.

పాట మొదలైంది. ఆ అమ్మాయి చేతులు ఎత్తింది. ఆమెను చూసి ఇరవై నాలుగు జతల చిన్న చేతులు లేచాయి.