కాజీపేటలో దిగనివాడు

"కాలు తియ్యుండ్రి! అది నా కాలు, ప్లాట్‌ఫారం గాదు!"

వరంగల్‌లో మూడో తరగతి పెట్టెలోకి తోసుకుని ఎక్కిన సుందర్ రావు ఉలిక్కిపడి కాలు తీశాడు. ఎన్నేళ్లు ఇంగ్లండులో ఉండి వస్తే మాత్రం, ఆ గొంతు మరిచిపోతాడా? లిదియా! చేతిలో తడి గొడుగు, ముక్కు మీద కోపం. పక్కనే ట్రంకుపెట్టె మీద ఆమె మేనత్త దీనమ్మ కునికిపాట్లు పడుతోంది.

"నువ్వా? విలాయత్ నుంచి ఎప్పుడొచ్చినవ్?"

"మొన్ననే."

"ఇప్పుడు ఎటు?"

"ఘన్‌పూర్." మీ ఇంటికే అని నోటిదాకా వచ్చింది. సగంలో ఆగిపోయిన మాట పూర్తిచేసి, ఆమెను ఇవ్వమని వాళ్ల నాన్నను అడగడానికే బయల్దేరాడు మరి.

"ఈసారన్నా కాజీపేటల దిగిపోకు," అంది లిదియా. నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వులో చేదు దాగలేదు.

ఆమెకు కోపం రాదా మరి? యుద్ధం మధ్యలో, ఇదే బండిలో, ఇదే పని మీద అతను, లిదియా, దీనమ్మ ముగ్గురూ బయల్దేరారు. కాజీపేటలో జనం విరగబడి ఎక్కారు. సుందర్ రావుకు ఊపిరి అందలేదు, గుండె దడదడలాడింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతాననుకుని దూకేశాడు. బండి వెళ్లిపోయింది. పిల్లాడు పెళ్లి తప్పించుకున్నాడని ఘన్‌పూర్‌లో అందరూ అనుకున్నారు. భయపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుపడి, అతను ఫ్యాక్టరీ పనికి సముద్రం దాటాడు.

భయం కూడా సముద్రం దాటింది. లండన్‌లో భూమి కింద నడిచే రైలెక్కి ఫ్యాక్టరీకి పోవాలి. స్టేషన్ వచ్చినప్పుడల్లా దిగిపోయి ఆలస్యంగా చేరేవాడు, చివాట్లు తినేవాడు. చివరికి ఫ్యాక్టరీ డాక్టరు గుండె పరీక్షించి, "ఇది జబ్బు కాదు, భయం. నువ్వు దిగిపోయిన ప్రతిసారీ దానికి బలం పెరుగుతోంది. దిగకు, దానితో పోట్లాడకు. పెరగనీ, తగ్గనీ" అన్నాడు. ముందు జనం లేని వేళ ఒక్క స్టేషన్ వెళ్లాడు, తర్వాత రెండు, ఆ తర్వాత కిక్కిరిసిన బండిలో. కొన్ని రోజులు ఓడిపోయి దిగేశాడు కూడా. చివరికి భయం వచ్చినా అతను మాత్రం దిగడం మానేశాడు.

"ఈయన ప్రభుదాసు," అంది లిదియా, తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూపించి. "బర్మా లడాయిల ఉండె. నాన్న సరేనంటె ఈ ఆదివారం చర్చిల మా పెండ్లి ప్రకటన. నాన్నతోని మాట్లాడనీకె పోతున్నం."

సుందర్ రావు ఆయనకు చేతులు జోడించాడు.

బండి కదిలింది. వాన జల్లు కొడుతోందని కిటికీ చెక్కలు దించేశారు. లోపల చీకటి, ఉక్క. కాసేపటికి ప్రభుదాసు నోరు తెరిచి గబగబా ఊపిరి పీల్చడం మొదలుపెట్టాడు. మొహమంతా చెమట.

"నేను కాజీపేటల దిగుత. బర్మాల కందకంల నా మీద మట్టి కూలినట్లే ఉన్నది."

"ఏందండీ మల్లా!" లిదియా మొహం పాలిపోయింది. "నా నసీబుల అందరు కాజీపేటలనే దిగుతరా?"

సుందర్ రావు నోరు మూసుకుంటే చాలు. ఆ మనిషి దిగిపోతాడు, ఆదివారం ప్రకటన ఉండదు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో, అంత అసహ్యం వేసింది అతనికి. ఎందుకంటే తలుపు పట్టుకున్న ఆ చేతులు ఒకప్పుడు తనవే.

జనాన్ని తోసుకుని వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, సచ్చిపోతున్నట్లున్నది గదా? సావవు. నాకు తెలుసు. నోరు మూసి, ముక్కుతోని ఊపిరి మెల్లగ ఇడువు. ఇంకా మెల్లగ. పీల్చుడు దానంతట అదే అయితది."

"వేళ్లు గుంజుతున్నయ్ తమ్మీ!"

"గబగబ పీలుస్తె అట్లనే అయితది. ఫికర్ జెయ్యకు. భుజాలు వదులు జెయ్యి. భయాన్ని నూకకు, రానియ్యి. అగో, ఆ అవ్వ గంపల ఏమున్నయో చెప్పు."

"వంకాయలు... మిర్పకాయలు..."

కాజీపేట వచ్చింది. ప్రభుదాసు కళ్లు తలుపు మీదికి పోయాయి.

"ఇప్పుడు దిగితె రేపు ఇంకా ఎక్కువైతది. ఈ ఒక్క స్టేషన్ దాటనియ్యి. తగ్గని భయం ఏదీ లేదు."

బండి కదిలింది. ప్రభుదాసు వణుకు మెల్లమెల్లగా తగ్గింది. ఎవరో జరిగి చోటిస్తే, కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

లిదియా సుందర్ రావునే చూస్తోంది. "ఆ దినం నీకు ఇదేనా అయింది?"

అతను తలూపాడు.

"నాకెందుకు జెప్పలే?"

"మొగోన్ని, భయపడ్డనని ఎట్ల జెప్పాలె?"

"నన్ను వద్దనుకున్నవని ఏడ్సిన. ఒక్క మాట జెప్తె నీతోని నేనూ దిగుదును గద సుందర్. నడుసుకుంట పోదుము."

ఘన్‌పూర్‌లో దీనమ్మతో సహా ముగ్గురూ దిగారు. ప్రభుదాసు తలుపు దగ్గరికొచ్చి సుందర్ రావు చెయ్యి పట్టుకుని వదల్లేదు. లిదియా అడిగింది, "నువ్వు దిగవా? ఘన్‌పూరే అంటివి?"

"పనైపోయింది."

బండి హైదరాబాద్ వైపు సాగింది. సుందర్ రావు భుజాలు వదులు చేసి, ఊపిరి మెల్లగా వదిలాడు. భయమైతే ఈపాటికి తగ్గేది. ఇది తగ్గలేదు.