ఒక మధ్యాహ్నపు అప్పగింత

పై పోర్షన్ తలుపు ముందు నిలబడి ఇందుమతి కుడి అరచెయ్యి చాపింది. గుమ్మం పైనున్న గడపకన్ను ఒకసారి నీలంగా వెలిగి ఆమె చేతినీ, ముఖాన్నీ చూసుకుంది.

"అప్పగింత అందింది. యజమాని శకుంతల. తోడు ఇందుమతి. రాబోయే మనిషి ఏసుబాబు, ప్లంబరు," అంది తలుపు, ఆడగొంతుతో, మహా మర్యాదగా.

తాళాలూ తాళంచెవులూ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు కాకినాడలో ఏ తలుపైనా మనిషిని చూసి తెరుచుకోవలసిందే. ప్రతి మనిషికీ ఒక గడపపేరు ఉంటుంది. అన్ని ఊళ్ళ గడపలకీ జ్ఞాపకం ఒక్కటే కాబట్టి ఒక తలుపు దగ్గర తెచ్చుకున్న మంచిపేరో చెడ్డపేరో అన్ని తలుపులకూ తెలిసిపోతుంది. దొంగతనాలు పోయాయి. ఇరుగుపొరుగు ఒకరి తలుపు ఒకరు తట్టడం కూడా పోయింది, కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

చెవిలో శకుంతలగారి గొంతు వినిపించింది. హైదరాబాదులో చెల్లెలి గుండె ఆపరేషనుకని వెళ్ళిందావిడ.

"ఇందూ, లోపలికెళ్ళావా? ముందు మోటారు స్విచ్ ఆపెయ్యమ్మా. బాత్రూమ్ పక్కన సజ్జ కింద గేట్‌వాల్వుంటుంది, దాన్ని బిగించు. పడగ్గది గొళ్ళెం పెట్టు. అనుమానమని కాదు, అతనికీ మాట రాకుండా ఉంటుంది."

"అలాగే పిన్నిగారూ."

"పగిలిన గొట్టం ముక్క తీశాక ఫొటో పంపించు. పనయ్యాక నీళ్ళు వదిలి, మీ సీలింగు మీద చెమ్మ ఆగిందో లేదో కాసేపు చూసిగానీ పంపొద్దు. ఎండన పడి వస్తాడు, మర్యాదగా చూసుకో. ఆపరేషన్ థియేటరు దగ్గర ఫోన్లు తీసేసుకుంటారట, నేను దొరకను. నువ్వున్నావు కాబట్టి నాకు బెంగ లేదు."

చివరి మాటకి ఇందుమతికి కడుపు నిండిపోయింది. కింద పోర్షన్‌లో అద్దెకుంటూ ఈవిడ దగ్గర ఇంత నమ్మకం సంపాదించడమంటే మాటలా!

ఏసుబాబు సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. గడపకన్ను అతన్ని చూశాక తలుపు తెరుచుకుంది. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చాడు.

"ఎక్కడండీ కారేది?"

"మా వంటింటి మీదకి. గీజరు గోడవైపు అనుకుంటాను."

వాల్వు బిగించిందో లేదో తనే ఇంకోసారి చూసుకుని, కుళాయి తిప్పి గొట్టంలో మిగిలిన నీళ్ళు బకెట్లోకి వదిలేశాడు. ఒక టైలు చప్పుడు తేడాగా ఉందని దాన్ని పగలకుండా పైకి లేపాడు. లోపల మలుపు దగ్గర ముక్క నెర్రె విచ్చి ఉంది. దాన్ని కోసి తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఫొటో తీసుకోండమ్మా. రేపు ఓనరుగారు అడిగితే చూపించాలి కదండీ."

కొత్త ముక్కకి జిగురు రాసి బిగించాడు. అది ఆరేదాకా నీళ్ళు వదలకూడదన్నాడు. చొక్కా చెమటకి వీపున అంటుకుపోయింది.

"కాసిన్ని మంచినీళ్ళుంటే ఇప్పిస్తారా అమ్మా?"

ఇందుమతి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. వాల్వు కట్టేసి ఉంటే నీళ్ళెక్కడివి? ఫ్రిజ్ కూడా ఖాళీ చేసి వెళ్ళింది శకుంతలగారు. కింద తన వంటింట్లో కుండ నిండా నీళ్ళున్నాయి. ఒకే గేటు, ఒకే మెట్లు, ఒకే కరివేపాకు చెట్టు. పై పోర్షనూ కింది పోర్షనూ వేరే ఇళ్ళని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

"ఇప్పుడే తెస్తానుండండి," అని గడప దాటింది.

ఆమె చెంబు ముంచుతుండగా పైన గంట మోగింది. అలాంటి గంట ఆ వీధి ఎన్నడూ వినలేదు. చెంబు పట్టుకునే పరుగెత్తింది. తలుపు మూసుకుపోయి ఉంది. అరచెయ్యి చాపింది.

"తోడు గడప దాటింది. అప్పగింత ముగిసింది. లోపల పరాయి మనిషి ఉన్నాడు," అంది తలుపు.

"పరాయి కాదు! ప్లంబరు! నేనే రానిచ్చాను! నీళ్ళకోసం వెళ్ళానంతే!"

"యజమాని మాట మాత్రమే చెల్లుతుంది."

లోపలి నుంచి ఏసుబాబు గొంతు వచ్చింది. "అమ్మా, ఉన్నారాండీ? తలుపు రావట్లేదండీ. నేనేం ముట్టుకోలేదండీ, బాత్రూమ్ దాటి రాలేదండీ!"

ఆమె శకుంతలగారికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తేవాళ్ళు లేరు. గడపకాపలావాళ్ళు వచ్చి అతన్ని బయటికి తీసుకొచ్చారు. సంచీ మెట్ల మీద గుమ్మరించి రెంచీ, రంపం, టేపు చుట్టలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. దొంగసొత్తేమీ దొరకలేదని వదిలేశారు. కానీ అతని పేరు మీద చొరబాటు అని తలుపు అప్పటికే రాసేసుకుంది. ఆ రోజు గడిచేలోపు యజమాని కాదంటేనే అది చెరుగుతుంది.

సాయంత్రానికి శకుంతలగారు దొరికింది. ఇందుమతి ఏడుస్తూ అంతా చెప్పింది.

"ఒక్కమాట చెప్పండి పిన్నిగారూ. మీ పనికి వచ్చిన మనిషేనని."

శకుంతలగారు గొంతు తగ్గించి అంది.

"చెప్తే ఏమవుతుందో తెలుసా? అప్పగింత అజాగ్రత్తగా ఇచ్చానని నా పేరు పడిపోతుంది. ఈ ఆస్పత్రి తలుపులు ఆ పేరు చూసే నన్ను రానిస్తున్నాయి. చెల్లికి ఇంకా మెలకువ రాలేదు ఇందూ. దానికి నేను తప్ప ఎవరున్నారు?"

"మరి అతనో?"

"నన్ను చంపకే తల్లీ," అని శకుంతలగారు భోరుమంది. కోపగించుకుందామన్నా ఇందుమతికి కోపం రాలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు ఇందుమతి గడపకాపలా కచేరీకి వెళ్ళి తప్పు తనదని చెప్పింది. అక్కడి ఉద్యోగి ఓపిగ్గానే విన్నాడు.

"మీ తప్పు మీ పేరు మీద రాయమంటే రాస్తానమ్మా. అతని పేరు మీదున్నది మాత్రం పోదు. దానికీ దీనికీ సంబంధం లేదు."

"రాయండి," అంది. ఆయన రాశాడు. ఏసుబాబుకి వీసమెత్తు మేలు జరగలేదు.

ఆ ఆదివారం జగన్నాథపురంలో అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. అతని భార్య మార్తమ్మ రొయ్యల కంపెనీలో పని చేస్తుందని దారి చూపించినవాళ్ళు చెప్పారు. తలుపు తీసే ఉంది. గడపకి లోపల, పీట మీద మార్తమ్మ కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గదిలో మంచం మీద ఏసుబాబు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇందుమతిని చూసి లేచి కూర్చున్నాడు.

"రొయ్యల కంపెనీకి వెళ్ళట్లేదా మార్తమ్మగారూ?" అంది ఇందుమతి.

"ఎలా వెళ్తానండీ? ఆడోళ్ళ పేరున ఇచ్చిన ఇల్లు కదండీ ఇది. తలుపుకి ఓనర్ని నేనండీ. ఈయన పేరు పోయాక, ఈయనా పరాయి మనిషేనంటోందండీ. రోజూ పొద్దున్నే మా ఆయన్ని మా ఇంటికి నేనే రానివ్వాలండీ. నేను గడప దాటానంటే గంట కొట్టేస్తుందండీ."

"బయటే ఉంటానంటే వినదండీ," అన్నాడు ఏసుబాబు. "వీధిలో పడుకుంటే పరువు పోద్దంటది. పని ఎటూ లేదు. ఏ తలుపూ రానివ్వట్లేదు."

ఇందుమతి అతని కాళ్ళు పట్టుకోబోయింది. అతను గాభరాగా కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"అయ్యో, అదేంటమ్మా! నీళ్ళడిగింది నేనండీ. మీరేం చేస్తారు?"

ఇక అక్కడ కూర్చోలేక లేచింది. గడప దాటి మెట్టు దిగింది. ఇంటికొచ్చిన మనిషిని వీధిదాకా సాగనంపాలని మార్తమ్మ అలవాటుకొద్దీ చాట పక్కన పెట్టి లేచి, గడప మీద కాలు వేసింది.

"ఆగవే!" అని ఏసుబాబు మంచం మీంచి దూకి ఆమె కొంగు పట్టుకున్నాడు.

మార్తమ్మ కాలు వెనక్కి తీసుకుని మళ్ళీ పీట మీద కూర్చుంది. "ఏమీ అనుకోకండేం," అంది ఇందుమతి వైపు చూడకుండా. ఇందుమతి వీధిలోకి నడిచింది.