ఓబులమ్మ మెప్పుజాబు

"మూతమాట?" అని అడిగింది తీర్పరి.

మద్దిలేటి ఫిర్యాది గొంతును ఇంకోసారి వినిపించాడు. "సమ్మతమేలేప్పా, వస్తాంది చల్లన" అంటున్నాడు ఎవరో ముసలాయన. గోడలో ఉన్న తీర్పరి యంత్రం విని, గంట కొట్టి, ఆ తగాదాను మూసింది.

ఫిర్యాది నోటితో సమ్మతం అనే మూతమాట పలకందే ఏ తగాదా మూతపడదు. తగాదా నడుస్తున్నంతసేపు దానికి సంబంధించిన గొట్టం బిరడాను ఉన్నచోటి నుంచి కదపరాదు. ఒకసారి సమ్మతం అన్న నోటితో అదే సంగతి మీద మళ్ళీ ఫిర్యాదు చెల్లదు. చల్లధార తగాదాల కచేరీ మొత్తం ఈ మాటల మీదే నడుస్తుంది. బయట ఎండకు గోడలు పెళ్ళలు రాలుతున్న కాలం. చల్లధార గొట్టం పోని ఇంట్లో మధ్యాహ్నం మనిషి నిలబడలేడు.

పక్క బల్ల నుంచి సాలమ్మ ఒక కవరు విసిరింది. "మద్దన్నా, నీకు కాగితం జాబు వచ్చింది. ఎవరో తిట్టి ఉంటారు చూడు. నోటితో తిడితే చాల్లేదేమో, రాసి పంపినారు."

మద్దిలేటి కవరు చించాడు. బల్ల మీదకు ముందు ఒక పట్టుగూడు దొర్లింది. తెల్లగా, గోరంత మరక కూడా లేదు. తర్వాత జాబు.

"మద్దిలేటి సారుకు గుడ్డంపల్లె ఓబులమ్మ దండం పెట్టి రాయించేది. సారూ, మా కొట్టంలో చల్లన వస్తాంది. మీ చలవ, ఆ ఖాజా చలవ."

అంతవరకే చదివాడు. ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి అతనికి మెప్పుజాబు రాలేదు. సాలమ్మకూ రాలేదు. పని అయ్యాక మనుషులు మర్చిపోతారు, అది తప్పు కాదు. కానీ ఖాజా సంగతి వేరు. గొట్టాల మీద తిరిగే దినకూలి అతను. ఒక్క మెప్పు అతని పేరు మీద పడితే పని ఖాయమవుతుంది. మద్దిలేటి ఇంకేమీ ఆలోచించలేదు. జాబును తీసుకుపోయి తీర్పరి చదువుటద్దం కింద పరిచాడు.

"చదివినావా అంతా?" అంది సాలమ్మ.

"చదవాల్నా? దండం పెట్టింది కదా."

తీర్పరి చదివింది. మెప్పుగంట మోగలేదు. అద్దం అంచు పసుపుపచ్చగా మారింది. అప్పుడు మద్దిలేటి వంగి మిగతాది చదువుకున్నాడు.

"మా కొట్టమూ పక్క చెన్నప్పోళ్ళ కొట్టమూ ఒకే గోడకు ఉండాయి. వాళ్ళు పట్టుపురుగులు మానుకొని, వాళ్ళ బిరడా ఆపమన్నారు. ఆపింది రెండోది, అది వాళ్ళదే అన్నారు, ఉడికింది మా కొట్టం. అడిగినప్పుడల్లా మీ యంత్రం ఒకటో బిరడా తెరిచే ఉంది, నీకు వస్తానే ఉంది, సమ్మతమా అనేది. నేను కాదు అంటావుంటి. పంటంతా చచ్చిపాయ సారూ. చాటలతో ఎత్తి గుంతలో పోసినాం. కడాకు మీరు ఖాజాను పంపితిరి. ఆ పిల్లోడు ఒకటో బిరడా కట్టేసి, ఖాళీ కొట్టంలో గొట్టం మీద చెయ్యి పెట్టినాడు. గొట్టానికి పట్టిన చెమట అక్కడ ఆరిపాయ. గోడలోపల గొట్టాలు మాది వాళ్ళకు, వాళ్ళది మాకు అడ్డంగా పోయినాయని అప్పుడు తెలిసింది. వెంటనే ఆపిన రెండోది తిప్పితే మాకు చల్లన వచ్చింది. ఆ చచ్చిన పంటలో గూడు కట్టిన పురుగు ఒకటే. అది మీకు పంపుతాండా. ఇప్పుడు పెట్టిన పురుగులు నాలుగో జ్వరం లేసినాయి, పొర విడిచి మేత మీద పడినాయి. ఆకు కొరికే సప్పుడు వాన మాదిరి ఉంది."



జాబులో ఒక్క అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు. తగాదా నడుస్తుండగా ఖాజా బిరడాలు కదిపాడు. కదపమన్నది మద్దిలేటి. మామూలుగా అయితే పరీక్ష దండు వచ్చి చూడాలి. వాళ్ళు వచ్చేసరికి ఓబులమ్మ రెండో పంట కూడా గుంతలోకే పోయేది. అందుకే బిరడాలు కదపలేదని, వాటి అంకెలే తారుమారుగా రాసుకున్నామని తీర్పరికి చెప్పి, రికార్డులో ఒకటిని రెండు చేసి, రెండును ఒకటి చేశాడు. ఓబులమ్మ సమ్మతం అంది. గంట మోగింది.

"రికార్డుకూ జాబుకూ పొంతన లేదు," అంది తీర్పరి. "తగాదా మూతపడి ఉంది. బిరడాలు పాత స్థితికి తిప్పబడును. తిప్పు సమయం, ఈ సాయంత్రం. ఆ మీదట పరీక్ష దండు వెళ్ళును."

మద్దిలేటి ఖాజాను ఫోనులో పిలిచాడు. గాలిహోరులో నుంచి గొంతు వచ్చింది.

"అన్నా! మెప్పు వచ్చిందంట కదా! సాలక్క చెప్పింది. కచేరీకంతా బిర్యానీ నాదే పో!"

"ఖాజా, విను. ఓబులమ్మ కొట్టానికి మళ్ళీ ఆపుతారంట."

"పురుగులు మేత మీద ఉండాయి కదన్నా. ఇంక గూడు కట్టే చంద్రికల తట్టలకు ఎక్కాల. ఇప్పుడు వేడి తగిలితే ఒక్కటి గూడు కట్టదు. ఆయమ్మనే మళ్ళీ ఫిర్యాదు చెయ్యమందాం."

"సమ్మతం అనింది. చెల్లదు."

"నేను పోయి బిరడాకు అడ్డం పడుకుంటా."

"పడుకుంటే నిన్ను తీసేసి తిప్పుతారు. గమ్మునుండు. నీకు చెప్పినోడు ఒకడు ఉన్నాడు. వాని మాట విన్నావు, అంతే. ఎవరు అడిగినా అదే చెప్పు."

మద్దిలేటి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పట్టుగూడును వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఊదితే పోయేంత తేలిక. మెప్పు చెప్పడానికి ఆ మనిషి తన చచ్చిన పంటలో మిగిలిన ఒక్కదాన్నీ పంపింది. తను సంతోషం పట్టలేక ఆమె పీకల మీదకే తెచ్చాడు.

"కొత్త తగాదా," అన్నాడు.

"ఏ బిరడా?"

"గుడ్డంపల్లె రెండోది."

సాలమ్మ తల తిప్పింది. "ఓయ్ మద్దన్నా, ఏం చేస్తాండావు?"

"ఫిర్యాది ఎవరు?" అంది తీర్పరి.

"కంబగిరి మద్దిలేటి."

"ప్రతివాది?"

"కంబగిరి మద్దిలేటి. తగాదా నడుస్తుండగా అధికారం లేకుండా ఆ బిరడా కదిపించినాడు. అంకెలు మార్చి అబద్ధం చెప్పినాడు."

అద్దం అంచు పసుపు నుంచి తెలుపుకు, మళ్ళీ పసుపుకు మారింది.

"తగాదా నమోదు. బిరడా ఉన్నచోటనే ఉండును. ప్రతివాది జవాబు?"

"అంతా నిజం. ఒప్పుకుంటున్నా."

"ప్రతివాది ఒప్పుకొన్నాడు. ఫిర్యాదికి సమ్మతమా?"

"కాదు."

"కారణం?"

"కారణం చెప్పాలని నిబంధన లేదు."

గంట మోగలేదు. కచేరీలో మిగతా బల్లల మీద పసుపు వెలుగు ఒక్కొక్కటే లేచింది. ఒప్పుకున్నవాడే ఒప్పుకోని తగాదా దానికి ఇంతవరకు తగల్లేదు.

ప్రతివాది అయినవాడికి కచేరీ కుర్చీలో కూర్చునే హక్కు లేదు. మద్దిలేటి లేచి తన చెప్పులు తీసుకొని, ఫిర్యాదీలు కూర్చునే చెక్కబల్ల మీదకు పోయి కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో అక్కడ కూర్చోలేదు. ఒక కాలు పొట్టి, అటూ ఇటూ ఊగుతుందని ఇప్పుడు తెలిసింది.

సాలమ్మ నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టింది. "పని పోతాది, తెలుసునా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళు కాదంటావు?"

"పురుగులు గూళ్ళు కట్టేదాకా."

"ఆ తర్వాత?"

మద్దిలేటి చెంబెత్తి తాగాడు. "ఆయమ్మ ఊరుకుంటాదా? మళ్ళీ ఇంకో పంట పెడతాది."

సాయంత్రం అయింది. గుడ్డంపల్లె బిరడా తిరగలేదు. గోడలోంచి అదే గొంతు, అంతే మర్యాదగా అడిగింది.

"ఫిర్యాదికి సమ్మతమా?"

"కాదు," అన్నాడు మద్దిలేటి.