సంచుల వరుస

షట్టరు ఎత్తకముందే అరలు లెక్కపెట్టడం ఆ ఇంట్లో కాఫీ కన్నా ముందు జరిగే పని. దుకాణదారు కూతురు చేతిలో అట్ట, అట్టకు బిగించిన గళ్ళ కాగితం, చెవి వెనక పెన్సిలు. సబ్బులు, అగ్గిపెట్టెలు, బ్యాటరీలు, దారపు ఉండలు, ఒక్కో వస్తువుకూ ఒక వరుస, ఒక్కో రోజుకూ ఒక గడి. వీధిలో వాళ్ళు ఆమెను చిన్న షావుకారు అనేవారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టమే.

వెనక గదిలో కుట్టుమిషను అప్పటికే టకటకలాడుతోంది.

"అమ్మా, ఇంత పొద్దున్నే మొదలెట్టావా? రాత్రి బొటనవేలు నొప్పన్నావుగా."

"నొప్పి దారి నొప్పిదే. రోజుకు పన్నెండు సంచులు కావాలన్నావు, ఎనిమిదే అయ్యాయి. నీ పట్టికలో నా వరుస చిన్నబోతే ఎట్లా?"

గల్లాపెట్టె తుడుస్తున్న తండ్రి తలెత్తకుండానే అన్నాడు. "ఎనిమిది చాల్లేవే. జనం ఏమైనా సంచుల కోసం వరస కట్టి నిలబడ్డారా?"

"మరి నిన్న ఉన్నవన్నీ మధ్యాహ్నానికే ఎట్లా పోయాయండీ?" అంది తల్లి గర్వంగా. ఆయన మళ్ళీ గుడ్డ అందుకున్నాడు.

పట్టిక రాకముందు ఆ కొట్టు ఆయన జ్ఞాపకం మీదే నడిచేది. ఎప్పుడో ఎవరో అడిగారని తెచ్చిన బూట్ల పాలిషు డబ్బాలు అరలో ఎండిపోయేవి, రోజూ అడిగే గిన్నెల సబ్బు నిండుకునేది. కూతురు చదువు ముగించి, పొద్దుటిపూట ఒక కంప్యూటర్ సెంటరులో పనికి కుదిరి, మధ్యాహ్నం నుంచి కొట్టు చూసుకోవడం మొదలుపెట్టాక ఆ ధోరణి మారింది. పొద్దున అరలో ఉన్నవి, మధ్యలో పెట్టినవి కలిపి, రాత్రి మిగిలినవి తీసేస్తే ఆ రోజు అమ్మకం. సరుకు ఉండి కూడా పోకపోతే సున్నా. సరుకే లేకపోతే ఇంటూ గుర్తు. ఈ రెంటికీ తేడా తెలియకే చాలా కొట్లు మునుగుతాయని ఆమె నమ్మకం.

"గిన్నెల సబ్బు చూడు నాన్నా," అని మొదట్లో ఓపిగ్గా చెప్పింది. "అయిదు రోజుల్లో ముప్పై ఆరు పోయాయి. తర్వాత రెండు రోజులు అర ఖాళీ. ఏడుతో భాగిస్తే రోజుకు అయిదే అనిపిస్తుంది. కానీ ఖాళీగా ఉన్న రోజుల్ని లెక్కలోకి తీసుకోకూడదు. అయిదుతో భాగిస్తే రోజుకు ఏడు. టోకు బండి వారానికోసారి వస్తుంది కాబట్టి యాభై, బండి ఆలస్యమైతే పనికొచ్చేలా ఇంకో పదిహేను. అందులోంచి మన దగ్గర మిగిలినవి తీసేసి ఆర్డరు పెట్టాలి."

"నువ్వు చెప్పాక కాదంటానా," అన్నాడాయన. కొట్టు నిజంగానే తెరిపిన పడింది. పాలిషు డబ్బాలు తీసేశారు, ఎవరూ తాకని రిబ్బన్లు తీసేశారు. కూతురి పెన్సిలుకు దయాదాక్షిణ్యాలు లేవు.

తల్లి గుడ్డ సంచుల మీద కూడా ఆ పెన్సిలు పడింది. ఊరికే ఉండలేక ఆమె కుట్టి, గల్లా పక్కన మంచి చోట వేలాడదీసిన సంచులవి. వరుసగా పన్నెండు రోజులు సున్నా.

"అమ్మా, ఏమీ అనుకోకు. ఆ చోట బ్యాటరీలు పెడితే చకచకా పోతాయి. సంచులు తీసేద్దాం."

తల్లి నవ్వింది. "తీసెయ్యవే, దానికేం. ఎందుకు కొనట్లేదో మాత్రం రేపు ఒకరిద్దర్ని అడిగి చూస్తా," అని లోపలికి వెళ్ళి మిషను మీద దుప్పటి కప్పింది. కప్పుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం తండ్రి చూశాడు. కూతురు చూడలేదు. ఆమె బ్యాటరీలకు చోటు కొలుస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం కూతురు కొట్టుకు వచ్చేసరికి అక్కడ వేలాడుతున్న మూడు సంచులూ లేవు. "పోయాయి," అన్నాడు తండ్రి. గల్లాలో డబ్బు కూడా సరిపోయింది. తల్లి ఇక ఎవర్నీ ఏమీ అడగలేదు. దుప్పటి తీసి మిషనుకు నూనె వేసింది.

పట్టిక తన పని తాను చేసుకుపోయింది. పెట్టిన మూడూ ఒక్క పూటలోనే పోతే, రోజంతా అరలో ఉంటే ఆరు పోతాయన్నమాట. ఆరు పెట్టారు. ఆరూ మధ్యాహ్నానికే పోయాయి. అయితే పన్నెండు. అలా మూడు నెలలు. తల్లి బొటనవేలి మొదలు వాచి, పొద్దున వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. అయినా రాత్రి అన్నాల దగ్గర ఒకటే ప్రశ్న.

"ఇవ్వాళ నా వరుస ఎంతే?"

కూతురు అంకె చెప్పేది. తల్లి ముఖం వెలిగేది. తండ్రి పళ్ళెంలోకి చూస్తూ తినేవాడు.

ఒక శుక్రవారం పొద్దున ఆయన కొట్లోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరు రక్తపోటు చూసి, దానికి వాడుతున్న మాత్రలు రోజూ వేసుకుంటున్నాడా అని అడిగాడు. వేసుకుంటున్నాడనే తల్లీ కూతురూ చెప్పారు. వీధి చివర మందుల షాపతను మాత్రం కొత్త చీటీ అందుకుంటూ మామూలుగా అన్నాడు. "మీ నాన్నగారు మా దగ్గర ఈ మాత్రలు కొని రెండు నెలలు దాటిందమ్మా. ఇంకెక్కడైనా కొంటున్నారేమో అనుకున్నా."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. కానీ ఆయన ఎందుకు మానేశాడో తెలియలేదు.

ఆయన ఇంటికొచ్చి మంచం మీదున్న నాలుగు రోజులూ ఆమె సెలవు పెట్టి, పొద్దుటి నుంచీ తనే గల్లా దగ్గర కూర్చుంది. సబ్బులు ఎప్పటిలాగే పోయాయి, బ్యాటరీలు పోయాయి. పన్నెండు సంచులూ గాలికి ఊగుతూ అక్కడే ఉన్నాయి. తనకు అమ్మడం చేతకాదేమో, నాన్న నాలుగు మాటలు చెప్పి అంటగడతాడేమో అని మొదట తననే తిట్టుకుంది. రెండోరోజు తనే చొరవ చేసి అడగనివాళ్ళకు కూడా సంచులు చూపించింది. ఒక బడిపంతులమ్మ చేత్తో పట్టుకుని చూసి, "గట్టిగానే ఉందమ్మా, పట్టీ పొట్టి. భుజానికి తగిలించుకోవడానికి రాదు," అని తిరిగి ఇచ్చేసింది.

నాలుగో రోజు సాయంత్రం మూడు నెలల కాగితాలు పక్కపక్కన పరిచింది. కుండపోత వాన కురిసిన గురువారం ప్రతి వరుసా సగానికి పడిపోయింది. సంచులు మాత్రం పడలేదు. నెలాఖరులో అన్నీ తగ్గాయి, అవి తగ్గలేదు. మనుషులు కొనే వస్తువు అలా ఉండదు. ఆమె లెక్క కట్టింది అరలో తరిగినవాటిని. అమ్మినవాటిని ఆమె ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు.

అమ్ముడుపోకపోతే అవి ఎక్కడో ఉండాలి కదా అని స్టూలు వేసుకుని అటక మీది ఖాళీ అట్టపెట్టెల్లో ఒకదాన్ని లాగింది. అది ఖాళీగా లేదు. మడతలు పెట్టిన సంచులు కిక్కిరిసి ఉన్నాయి. దాని వెనకదీ అంతే, దాని వెనకదీ అంతే.

తండ్రి గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మాత్రల డబ్బులు గల్లాలో వేశావు, అంతేనా నాన్నా?"

"మొదట టీ డబ్బులే. మూడే కదా అనుకున్నా." ఆయన గొంతు తగ్గింది. "అన్నీ తీసేస్తే నీకు సంతృప్తిగా ఉంటుందనుకున్నా. తీసేకొద్దీ నువ్వు పెంచుతూ పోయావు. నువ్వలా పెంచుతుంటే నేనెక్కడ దాచేది, ఏం పెట్టి కొనేది?"

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఏమని చెప్పను? మీ అమ్మ వరుస పట్టికలో వెయ్యొద్దనా? పాలిషు డబ్బాల్ని తీసేసినట్టే తీసేద్దాం అన్నావు. నవ్వుతూ వెళ్ళి ఏడ్చిందే అది."

మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియలేదు. తల్లి వాళ్ళ వెనకే ఉంది. వాచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని అట్టపెట్టెలోకి చూస్తోంది.

"ఒక్కటైనా పోయిందా?"

తల్లి చూపు కూతురి మీద నిలిచింది.

"నిన్నే అడుగుతున్నా. లెక్కలు నీవేగా."

"లేదమ్మా," అంది కూతురు.

తల్లి నేల మీద కూలబడింది. ఏడవలేదు. ఒక సంచి తీసి మోకాలి మీద పరిచి, కుట్టు మీద వేలు నడిపింది. తండ్రి ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"జాలిపడ్డారా నామీద? నేనేం చిన్నపిల్లనా? పన్నెండు సున్నాలు చూసినప్పుడు కళ్ళలో నీళ్ళొచ్చాయి, నిజమే. మర్నాడు అడుగుదామనుకున్నాను, ఎందుకు కొనట్లేదని. అడిగేలోపే మూడు పోయాయన్నారు. ఇంక అడగడం దేనికని ఊరుకున్నాను." కూతురి వైపు తిరిగింది. "అడిగితే ఏమనేవాళ్ళే?"

కూతురు ఆ సంచి పట్టీని వేలితో తాకింది. "పట్టీ పొట్టి అంటున్నారమ్మా. భుజానికి రాదట."

"పట్టీనా." తల్లి సంచిని ఎత్తి తన భుజానికి తగిలించుకోబోయింది. అది మోచేతి పైకి ఎక్కలేదు. "జానెడు గుడ్డ. జానెడు ఎక్కువ వేసి ఉంటే సరిపోయేది. ఒక్కరోజు పని. దానికి నా చేతిని మూడు నెలలు అరగదీశారు. ఈయన ప్రాణం మీదికి తెచ్చుకున్నారు." సంచి ఒళ్ళో పడేసి వాచిన వేళ్ళు చాపింది. "మిషను జోలికి పోతే వేళ్ళు ఇక తిరగవన్నాడు డాక్టరు. మీరు కంగారు పడతారని నేనూ చెప్పలేదు."

అందరికీ అందరి మీదా ప్రేమే. ఆ ప్రేమ ఇంట్లో ఒక్క నిజం కూడా మిగల్చలేదు. కూతురు తల్లి ఒళ్ళో ముఖం పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏ వస్తువు ఎన్ని పోయాయో రాయడానికి మూడు నెలలు గళ్ళు గీసింది తను. ఎందుకు పోలేదో రాసుకోవడానికి ఒక్క గడి కూడా గీయలేదు.

కాసేపటికి తల్లి ఆమె తల పక్కకు జరిపింది. "ఆ కాగితాలు ఇటు తే. నా వరుస మొత్తం దిద్దు. ఆయన రోజూ మాత్ర వేసుకున్నారో లేదో రాయడానికి కింద ఇంకో వరుస గియ్యి. మూడో మనిషి చెబితే తెలుసుకోవడం నావల్ల కాదు."

కూతురు రబ్బరుతో ఒక్కో అంకే చెరిపింది. మూడు చెరిపి సున్నా, ఆరు చెరిపి సున్నా, పన్నెండు చెరిపి సున్నా. తండ్రి ఒక సంచి అందుకుని, పట్టీ కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు కత్తెర పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. తల్లి చూస్తూ ఊరుకుంది. చూపించడానికి ఆమె వేళ్ళు వంగలేదు.

"ఇవ్వాళ్టిది?" అంది చివరికి.

"సున్నా అమ్మా."

"కాస్త పెద్దగా రాయి," అంది తల్లి. "నాకు కనపడాలి."