బుగ్గ నిండని గుక్క

పదిహేడు దినాలుగా శత్రువుల రణభేరులు బకూర్ దుర్గపు తెల్లని బురుజులను అదరగొడుతూనే ఉన్నవి. మహమ్మదీయులు ఏలే అందలూసు దేశానికి అలంకారమనిపించుకొన్న ఆ నగరంలో దానిమ్మతోటలు బూడిదయినవి, బావుల దగ్గర కావలి పెట్టవలసి వచ్చినది, అయినా కోట తలుపు మాత్రం తెరుచుకోలేదు. అమీరు మున్జిర్ బతికి ఉండగా తెరుచుకోదు కూడా. అయ్యో, ఆ మహావీరుడే బాణపు గాయం చీముపట్టి, జ్వరంతో మంచానికి అతుక్కుపోయినాడు!

ఆయన ప్రాణం ఆస్థాన వైద్యుడు హల్ఫోన్ చేతిలో ఉన్నది. హల్ఫోన్ యూదుడు, రెండు తరాలుగా ఆ రాజగృహపు ఉప్పు తిన్నవాడు. ఆనాడు యూదులకు ఏటికొక్కమారు వచ్చే ప్రాయశ్చిత్త దినం. ముందునాటి సాయంకాలం నుంచి చుక్కలు పొడిచేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టరు, తోలు చెప్పులు తొడగరు. మధ్యాహ్నవేళ అతడు తెల్లబట్టలతో ప్రార్థనాలయంలో నిలిచి ఉండగా వజీరు ఇబ్న్ జహ్వాన్ కబురు వచ్చినది.

"హకీం గారి వ్రతానికి భంగం కలగరాదు. నేడు మందు మా మనిషి ఇస్తాడు."

హల్ఫోన్ ప్రార్థన ఆపాడు. ఇరవై ఏళ్ళలో ఒక్కనాడూ తన మతాన్ని మన్నించని వజీరుకు నేడు ఎక్కడ లేని దయ పుట్టుకొచ్చిందేమి?

కాని అమీరుకు మందిచ్చే వైద్యుడు ముందు సగం గిన్నె గడగడ తాగి చూపడం ఆ కొలువు ఆచారం. పోతే ఉపవాసం పోతుంది. పోకుంటే అమీరు పోతాడేమో! అతడు వెళ్ళి తమవారి న్యాయాధిపతి షెమాయా ముందు నిలిచాడు.

"గురువర్యా, నేనేం చేయను?"

"పో నాయనా!" అన్నాడు ఆ వృద్ధుడు. "ప్రాణం నిలపడానికి ఈ దినపు నిషేధమూ తొలగుతుంది. ఆయన చస్తే మన వాడలో ఒక్క మెడా నిలవదు. అయితే తాగక తప్పనివాడు ఒక్కసారిగా తాగరాదు. బుగ్గ నిండనంత గుక్క తీసుకో. రొట్టెముక్క నమిలి తినేంత సేపు ఆగు. తరువాత మరొక గుక్క. అలాగైతే దోషం తక్కువ. గుర్తున్నదా?"

"ఉన్నది" అన్నాడు హల్ఫోన్.

వట్టికాళ్ళతో, తెల్లబట్టలతో వచ్చిన వైద్యుణ్ణి చూసి కొలువువారు గుసగుసలాడారు. వజీరు ముఖం ఒక్క క్షణం పాలిపోయి, వెంటనే నవ్వు పులుముకొన్నది. ముందునాడు హల్ఫోన్ కాచి ఉంచగా రాజౌషధశాల నుంచి అప్పుడే తెచ్చిన దానిమ్మ, తేనె కషాయపు గిన్నెను అతడే అందించాడు.

హల్ఫోన్ నోటికి తగిలీ తగలనట్టు ఒక గుక్క పుచ్చుకొని గిన్నె దించాడు.

"అదేమి తాగడం? మందు కాచినవాడికే మందంటే భయమా?" అని వజీరు గర్జించాడు. "ప్రభూ, చూడండి! వీడు విషం కలిపాడు!"

"నేడు మా ధర్మం నన్నింతకు మించి తాగనివ్వదు, ఏలినవారా. కాసేపు ఓర్చండి" అన్నాడు హల్ఫోన్. ఎదురుగా పక్కమీద అమీరు పళ్ళు గిట్టకరిచి మూలుగుతున్నాడు. సభ అంతా తన గొంతునే చూస్తున్నది. ఎంత సేపు! దేవా, ఇంకా ఎంత సేపు!

అప్పుడు అతని నాలుక చివర చురుక్కుమన్నది. పెదవులు తిమ్మిరెక్కినవి. వత్సనాభి విషం! ఆ చేదును తేనె దాచినది. ఆచారం ప్రకారం సగం గిన్నె తాగి ఉంటే, ఈ పాటికి అమీరు కూడా మిగతా సగం తాగి ఉండేవాడు.

"ప్రభూ! గిన్నెలో విషమున్నది!" మాట తడబడుతున్నది. "నేను కలపలేదు. గిన్నె అందించిన వజీరుగారినే తాగమనండి!"

అమీరు మోచేతిమీద లేచాడు. "తాగు, ఇబ్న్ జహ్వాన్."

వజీరు గిన్నె పట్టాడు. పెదవికి తాకించకుండానే నేలకు విడిచాడు. భటులు రెక్కలు విరిచి కట్టి వెతికితే, శత్రువుకు కోట తలుపు తెరుస్తానన్న ఉత్తరం అంగీ మడతలో దొరికినది. ఆ సాయంకాలమే హల్ఫోన్ తన చేతులతో కొత్త కషాయం కాచి, మళ్ళీ బుగ్గ నిండని గుక్కతో పరీక్షించి, ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగి తాగించాడు. అమీరుకు చెమట పట్టి జ్వరం దిగినది.

"హకీం, మా మతంలోకి రా. వజీరు పదవి నీదే" అన్నాడు అమీరు.

హల్ఫోన్ తలవంచి, మొద్దుబారుతున్న నాలుకతో మెల్లగా అన్నాడు: "నేడు తమ ప్రాణం కాచినది ఆ ధర్మమే, ప్రభూ. దాన్ని విడిచి తమను రేపెలా కాచేది?"

అమీరు చేయి ఊపాడు: "పో. నీవాళ్ళు ఎదురు చూస్తుంటారు."

ప్రార్థనాలయంలో ముగింపు ప్రార్థనకు తలుపులు మూయబోతుండగా హల్ఫోన్ చేరుకొన్నాడు. నోరు తెరిచాడు. దారిలో మరింత తిమ్మిరెక్కిన నాలుక దేవుని పేరునైనా పలకలేకపోయినది. కన్నీళ్ళు జలజల రాలినవి. అది చూసి వృద్ధుడు షెమాయా అతని పక్కకు వచ్చి, చేయి పట్టుకొని, ప్రతి మాటనూ రెండుసార్లు పలికాడు, ఒకటి తనకు, ఒకటి అతనికి.