అర్థం కాని తాత్పర్యం

స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు ఒక శ్లోకమైనా విడదీసేయాలని కూర్చోవడం టీచరమ్మకు అలవాటు. పాలు పొంగిపోవడమూ అలవాటే. ఆ రోజూ పొంగాయి. ఆవిడ విసుక్కుంటూ లేచి స్టవ్ ఆపి, తుడవకుండానే మళ్ళీ వచ్చి కూర్చుంది.

ముప్పై ఏళ్ళు కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు అమ్మవారి స్తోత్రం ఒకటి పట్టుకుంది. ఇళ్ళలో అది నోటికి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు, అందులో ఏముందో తెలిసినవాళ్ళు తక్కువ. వాళ్ళ కోసం ఒక్కో శ్లోకానికీ మామూలు మాటల్లో తాత్పర్యం రాసిపెట్టమని ప్రెస్సాయన అడిగాడు. వినడానికి సులువుగానే ఉంటుంది. ముందు ఒకదానికొకటి అతుక్కుపోయిన మాటలను విడగొట్టాలి. శ్లోకంలో కర్త ఒక మూల, క్రియ ఇంకో మూల దాక్కుని ఉంటాయి. వాటిని బయటికి లాగి, ఎవరు, ఎవరికి, ఏం చేశారు అన్న వరసలో పేర్చాలి. మూరెడు పొడుగు సమాసాన్ని చివరి నుంచి మొదటికి విప్పుకుంటూ రావాలి. పాదం నిండడానికి వేసిన మాటకు లేని అర్థం అంటగట్టకూడదు. ఒక్కోసారి వాక్యం ఈ శ్లోకంలో మొదలై తర్వాతి శ్లోకంలో గాని ముగియదు, అప్పుడు రెండింటికీ కలిపే రాయాలి. ఈ తంటా అంతా చిత్తుకాగితాల మీద. చదివేవాళ్ళకు చేరేది చివర మిగిలే మూడు నాలుగు వాక్యాలే.

ఆ వాక్యాలను పరీక్షించే పని మొదట్లో భర్తది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు. సంస్కృతం ముక్క రాదు. ఆవిడ చదివితే, కళ్ళు మూసుకుని విని, "మసగ్గా ఉందోయ్, అద్దం మార్చు" అనేవాడు. ఆవిడ మూతి ముడుచుకుని కొట్టేసి, మళ్ళీ రాసేది. మళ్ళీ మసకే అనేవాడు. మూడోసారికో నాలుగోసారికో "ఆఁ, ఇప్పుడు కనబడింది" అంటే, ఆ శ్లోకం అయినట్టు. స్తోత్రం సగానికి వచ్చేసరికి ఆయన గుండె ఆగిపోయింది.

తర్వాత చాలా రోజులు ఆవిడ కలం ముట్టలేదు. ముట్టాక, వినడానికి ఇంట్లో మిగిలింది కోడలు ఒక్కతే. కొడుకు ఊరూరా తిరిగి లిఫ్టులు బిగించే పనిలో ఉంటాడు, ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడు. కోడలు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలు ఎక్కువ.

ఆ ఉదయం కోడలు వచ్చి చెప్పులు విప్పుతుండగానే టీచరమ్మ కాగితం ఎత్తింది.

"అమ్మాయ్, ఒక్క నిమిషం. ఇది విను. 'ఓ జగజ్జననీ! నిఖిల భువన రక్షణ దీక్షాబద్ధవై, నిద్రారహిత నేత్రాలతో విలసిల్లే నీ శ్రమను విచారించినవారెవ్వరు? అహర్నిశలూ స్వీయ దుఃఖ నివేదన తత్పరులమైన మాకు, నేడు నీ సన్నిధిలో మౌనాసీన భాగ్యాన్ని ప్రసాదించు.' అర్థమైందా?"

"అర్థమైందండీ అత్తయ్యా."

"బాగుందా?"

"చాలా బాగుందండీ."

టీచరమ్మ కాగితం మడిచింది. కోడలు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. పిల్ల చురుకైనదని టీచరమ్మకు సంతోషమే. ఆయనైతే ఈపాటికి నాలుగుసార్లు కొట్టేయించేవాడు. కానీ ఇంత తొందరగా పని అయిపోతే మిగతా పొద్దంతా ఏం చేయాలో ఆవిడకు తోచేది కాదు. కాసేపు ఆయన కుర్చీ వైపు చూసి, టీవీ పెట్టి, చూడకుండానే కట్టేసింది.

మధ్యాహ్నం ప్రెస్సాయన వచ్చాడు. మంచినీళ్ళు తాగాడు, ఎండలు ముదిరాయన్నాడు, కొడుకు క్షేమం అడిగాడు. అసలు సంగతికి రావడానికి ఇబ్బంది పడుతున్నాడని టీచరమ్మకు తెలిసిపోయింది.

"చెప్పండి, పర్లేదు."

"మీ రాతప్రతి నాలుగైదు ఇళ్ళలో ఇచ్చాను మేడమ్, రోజూ స్తోత్రం చదువుకునేవాళ్ళకి. మొదటి సగం చదివి ఒకావిడ ఏడ్చేసింది. చిన్నప్పట్నుంచీ చదువుతున్నాను, ఇన్నేళ్ళూ నేను అమ్మతో ఇదా అంటున్నది అని. ఇంకో ఇంట్లో పిల్లలు కూడా కూర్చుని చదివారు."

"మరి రెండో సగం?"

ఆయన సంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అక్కడ అందరూ ఆగిపోయారు. మీరేమీ అనుకోకండి. మీరు రాసిన అర్థానికి మళ్ళీ ఎవరైనా అర్థం రాయాలంటున్నారు."

టీచరమ్మ కాగితాలు దగ్గరికి లాక్కుంది.

"వచ్చే నెల మిషను ఎక్కించాలి. పోనీ, మొదటి సగానికి తాత్పర్యాలు వేసి, మిగతాది ఉత్త శ్లోకాలు ఇచ్చేద్దామా?"

"వద్దు," అంది ఆవిడ గబుక్కున. సగంలో ఆగిన పుస్తకమంటే భర్తతోపాటు ఆగిపోయిన పుస్తకమే. ఆయన పోయాక ఆవిడ పొద్దున్నే లేవడానికి మిగిలిన కారణం ఈ పని ఒక్కటే. "నెలాఖరు దాకా గడువివ్వండి."

ప్రెస్సాయన వెళ్ళాక కాగితాలు తిరగేసింది. ఎవరో పెన్సిలుతో పక్కన ప్రశ్న గుర్తులు పెట్టారు. పేజీ పేజీకీ ఉన్నాయి. సిగ్గుతో మొదలైన బాధ, కోడలు నిద్రలేచి వచ్చే వేళకు కోపంగా మారింది.

"ఇన్నాళ్ళూ అర్థమైంది, అర్థమైంది అన్నావుగా! ఇదిగో చూడు, ఒక్కళ్ళకీ అర్థం కాలేదట. నాకెందుకు అబద్ధం చెప్పావు?"

కోడలు తల దువ్వుకుంటున్నదల్లా ఆగింది. "ఏం చెప్పమంటారండీ?"

"అర్థం కాలేదని చెప్పొచ్చుగా. నోరు లేదా?"

"ఒకసారి చెప్పానండీ. మొదటి రోజు. ఏదో మాట తెలియక అడిగాను. మీరు కళ్ళజోడు తీసి, 'ఇదీ తెలీదా? ఏం చదువులమ్మా మీవి' అన్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నీ అర్థమవుతున్నాయి."

టీచరమ్మకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. "మీ మామయ్యగారు రోజూ అనేవారు కాదూ? ఆయన్నేమైనా అన్నానా?"

"మామయ్యగారు అర్థం కాలేదంటే మీకు ముద్దు. నేనంటే నా చదువు తక్కువ." కోడలు దువ్వెన పక్కన పెట్టింది. "రాత్రంతా నిలబడి వస్తాను అత్తయ్యా. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మాట అదొక్కటే, అర్థమైందా అని. ఆఁ అంటే మీరు కాగితం మడుస్తారు, నేను గదిలోకి పోతాను. మీ అబ్బాయి ఫోన్ చేసి అమ్మ ఎలా ఉందంటారు. మీరు ఫోన్ తీసుకుని బాబూ ఎలా ఉన్నావంటారు. మధ్యలో నేను ఫోన్ పెట్టుకునే స్టాండుని."

"అది కాదే…"

"డ్యూటీకి టైమైందండీ," అని కోడలు బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు కరువయ్యాయి. అన్నం తిన్నావా అంటే తిన్నానండీ, అంతే. టీచరమ్మ ఒక్కతే కూర్చుని మొదటి సగమూ రెండో సగమూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. మొదటి సగం రాసింది తనేనా అనిపించింది. అందులో మాటలు నేల మీద నడుస్తున్నాయి. రెండో దాంట్లో క్లాసురూములో బల్లెక్కి నిలబడ్డాయి. శ్లోకంలో ఉన్న పెద్ద మాటలనే తీసి, చివర్లు తెలుగు చేసి, మళ్ళీ శ్లోకం కిందే పెట్టింది. ఆపేవాళ్ళు లేకపోయేసరికి ఎవరికోసం రాస్తున్నదీ మర్చిపోయింది. ఒకటి రెండు తనంతట తానే తేలిక చేద్దామని చూసింది. అన్నీ తెలిసిన మనిషికి ఏది తెలియదో ఎలా తెలుస్తుంది?

కోడలికి సెలవు దొరికిన ఉదయం, టీచరమ్మ గది తలుపు తట్టింది.

"అమ్మాయ్, లోపలికి రానా?"

కోడలు కంగారుగా లేచి మంచం మీది బట్టలు పక్కకు తోసింది. ఆ గదిలో అత్తగారు కూర్చోవడం ఆమెకు తెలిసి అదే మొదలు.

"ఆ రోజు నేనన్నది తప్పు," అంది టీచరమ్మ, నేల వైపు చూస్తూ. "నాకు గుర్తు కూడా లేదు చూడు, అది ఇంకా తప్పు. ఇప్పుడు చదువుతాను. అర్థం కాని ప్రతిచోటా ఆపు. ఆపకపోతే ఊరుకోను."

"నిజంగా ఆపుతానండోయ్."

"ఆపమనే కదా వచ్చాను. 'నిఖిల భువన రక్షణ దీక్షా…'"

"ఆగండి. ఏమిటా రైలు?"

టీచరమ్మకు నవ్వొచ్చింది. "చివర పెట్టె నుంచి విప్పుకుందాం. దీక్ష, అంటే పట్టుదలగా పూనుకోవడం. దేనికి? రక్షించడానికి. వేటిని? లోకాలన్నిటినీ."

"రక్షించడమంటే, ఏం చేస్తుందండీ ఆవిడ?"

"కాస్తుంది. రెప్ప వెయ్యకుండా మేలుకుని ఉంటుంది."

"అందరూ పడుకున్నాకా?"

"అప్పుడే."

"మరి వీళ్ళు? ఈ 'తత్పరులు' ఎవరు?"

"మనమే. పొద్దున లేచింది మొదలు ఆవిడ దగ్గర మన బాధలు చెప్పుకోవడమే పనిగా పెట్టుకున్నవాళ్ళం."

కోడలు కాగితంలోకి తొంగి చూసింది. "ఆవిడ పడుకుందో లేదో అడక్కుండానేనా?"

"అదేనమ్మా శ్లోకం," అనబోయి టీచరమ్మ ఆగిపోయింది. కాగితం తిప్పి, వెనక రాయడం మొదలుపెట్టింది. ఈసారి కొట్టివేతలు లేవు. రాసి, చదివింది.

"'అమ్మా, మేమంతా నిద్రపోతుంటే నువ్వు మేలుకుని మమ్మల్ని కాస్తావు. తెల్లారగానే వచ్చి మా బాధలు నీకు చెప్పుకుంటాం. నువ్వెప్పుడు పడుకున్నావని…'"

అక్కడ ఆగి, కళ్ళజోడు తీసేసింది. కోడలు కాగితం అందుకుని మిగతాది తనే చదివింది. "'నువ్వెప్పుడు పడుకున్నావని ఇంతవరకూ ఎవ్వరమూ అడగలేదు. ఈ ఒక్కరోజు మా మాటలు ఆపి, నీ పక్కన ఊరికే కూర్చోనివ్వు.'"

టీచరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పొద్దంతా అద్దాలు అరగదీసి, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చిన మనిషిని కూర్చోబెట్టి వినమనేది. ఆయన కళ్ళు మూసుకుని వింటుంటే శ్రద్ధ అనుకుంది. మంటగా ఉన్నాయా అని ఏనాడూ అడగలేదు. ఆయన్ను ఇక అడిగే వీల్లేదు. తెల్లవారి గడపలో ఇంకా చెప్పులైనా విప్పని ఈ పిల్లకూ అదే చేసింది.

"ఇన్ని శ్లోకాలకు అర్థాలు రాశానే," అంది. "ఇది మాత్రం నాకే అర్థం కాలేదమ్మా."

"ఊరుకోండి అత్తయ్యా. మిగతావి కూడా ఇలాగే చేద్దాం. ప్రెస్సాయనకి నేను ఫోన్ చేసి చెప్తాను, పుస్తకం మొత్తం వస్తుందని." కోడలు కింది కాగితం తీసింది. "తర్వాత శ్లోకం ఇదేనా?"

టీచరమ్మ ఆ కాగితం తీసుకుని దూరంగా పెట్టేసింది.

"తర్వాత చూద్దాం. రాత్రి డ్యూటీలు నీకెలా ఉంటున్నాయి? నేనెప్పుడూ అడగలేదు."

"బానే ఉంటాయండీ," అంది కోడలు అలవాటుగా. అని, అత్తగారి ముఖం చూసి తల దించుకుంది. "బాలేదండీ. మొన్న ఒకావిడ పోయింది. వాళ్ళవాళ్ళు వచ్చేసరికి ఆలస్యమైంది. పోయేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. నాలుగు రోజులైంది, ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు."

టీచరమ్మ దగ్గరికి జరిగి కోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. సలహా చెప్పలేదు, ధైర్యమూ చెప్పలేదు. కోడలు మొదట్నుంచీ చెప్పుకొచ్చింది, మధ్యలో ఏడ్చింది, మళ్ళీ చెప్పింది. టీచరమ్మ మొత్తం విన్నది.